సెల్ఫీ కెమెరా: నాచ్‌లో ఉంటే మేలా, పంచ్ హోల్‌లోనా, తెర కిందా?

కొత్త ఫోన్ చూపించగానే చాలామంది మొదట అడిగేది, "సినిమా చూసేటప్పుడు ఈ చిల్లు అడ్డం రాదా?" అని. దానికి నేను వెంటనే జవాబు చెప్పను. "మీరు ఎక్కువగా చూసేవి ఏమిటి? యూట్యూబ్ వీడియోలా, సిరీస్‌లా, సినిమాలా?" అని ఎదురు అడుగుతాను. చిల్లు ఎంత పెద్దదన్న దాని కన్నా, మీరు చూసే వీడియో ఎంత ఎత్తు, ఎంత వెడల్పు ఉందన్నదే ఇక్కడ ముఖ్యం. ఆ లెక్క ఒకసారి వేసుకుంటే, తెర కింద దాగే కెమెరా కోసం ఫొటోల నాణ్యత వదులుకోవడం మీకు లాభమో నష్టమో మీకే తేలిపోతుంది.

ముందు ఈ మూడు రకాల సంగతి క్లుప్తంగా చూద్దాం. నాచ్ అంటే తెర పైఅంచులో కత్తిరించినట్టు ఉండే నల్ల భాగం. 2017లో ఐఫోన్ టెన్ వచ్చాక అందరికీ తెలిసింది. అందులో సెల్ఫీ కెమెరా ఒక్కటే లేదు. ముఖాన్ని లోతుతో సహా గుర్తుపట్టే ఇన్‌ఫ్రారెడ్ కెమెరా, ముఖం మీద చుక్కలు వేసే ప్రొజెక్టర్ కూడా అందులోనే ఉన్నాయి, అందుకే అది అంత వెడల్పుగా ఉండేది. మరుసటి ఏడాది ఆండ్రాయిడ్ ఫోన్లలో నీటిబొట్టు ఆకారపు చిన్న నాచ్ వచ్చింది. అందులో ఉండేది కెమెరా మాత్రమే. 2018 చివర్లో గెలాక్సీ ఎ8ఎస్ లాంటి ఫోన్లతో పంచ్ హోల్ మొదలైంది. ఇందులో చిల్లు అంచుకు అంటుకోకుండా తెర లోపల తేలినట్టు ఉంటుంది. 2020లో జడ్‌టీఈ ఆక్సాన్ 20తో కెమెరా పూర్తిగా తెర కిందికి వెళ్లిపోయింది. నాలుగోది కూడా ఒకటుండేది, ఫోన్ లోంచి మోటారుతో పైకి లేచే కెమెరా. చూడ్డానికి సరదాగా ఉండేది కానీ దాని కథ త్వరగానే ముగిసింది.

వీడియో చూసేటప్పుడు చిల్లు ఎక్కడ పడుతుంది

ఒక మామూలు ఫోన్ తీసుకుందాం. తెర 6.7 అంగుళాలు, నిష్పత్తి 20:9, పిక్సెళ్లు 2400 × 1080. ఈ తెరలో ఒక మిల్లీమీటరుకు దాదాపు పదిహేనున్నర పిక్సెళ్లు పడతాయి. పంచ్ హోల్ సుమారు 4 మిల్లీమీటర్ల వెడల్పుతో, అంచు నుంచి 2 మిల్లీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. అంటే ఫోన్‌ను అడ్డంగా పట్టుకున్నప్పుడు, చిల్లు ఉన్న వైపు అంచు నుంచి లోపలికి 6 మిల్లీమీటర్లు, అంటే సుమారు 93 పిక్సెళ్ల దగ్గర చిల్లు అయిపోతుంది. ఈ 93 గుర్తుపెట్టుకోండి.

యూట్యూబ్‌లో ఎక్కువ వీడియోలు 16:9లో ఉంటాయి. 1080 ఎత్తుకు వాటి వెడల్పు 1920. తెర వెడల్పు 2400 కాబట్టి ఇంకా 480 మిగులుతుంది, అటు 240, ఇటు 240 నల్ల పట్టీలుగా. చిల్లు 93 దగ్గరే అయిపోయింది కదా, అంటే అది పూర్తిగా నల్ల పట్టీలోనే ఉంది. ఓలెడ్ తెరలో నలుపు అంటే పిక్సెల్ ఆరిపోయినట్టే కాబట్టి చీకటి గదిలో చిల్లు ఎక్కడుందో వెతికినా దొరకదు. ఇప్పటి సిరీస్‌లలో చాలావాటికి వాడే 2:1 నిష్పత్తి తీసుకున్నా వెడల్పు 2160 అవుతుంది, పక్కకు 120 చొప్పున మిగులుతుంది. చిల్లు అప్పుడూ పట్టీలోనే ఉంటుంది, కొద్దిలో తప్పించుకున్నా సరే.

కథ మారేది వెడల్పు సినిమాల దగ్గర. 2.39:1 నిష్పత్తి సినిమా ఈ తెర కన్నా పొడుగ్గా ఉంటుంది. కాబట్టి అది వెడల్పంతా ఆక్రమించి, పైనా కిందా 38 పిక్సెళ్ల చొప్పున సన్నటి పట్టీలు వదులుతుంది. ఇప్పుడు చిల్లు దృశ్యం లోపలే ఉంటుంది. వెలుతురున్న ఆకాశం, తెల్లటి గోడ వచ్చినప్పుడు కనబడి తీరుతుంది. మధ్యలో ఉన్న చిల్లు అంచుకు మధ్యలోనూ, మూలనున్నది మూలనా కనిపిస్తుంది. మూలనున్నదే నయమని నా అభిప్రాయం, చూపు అటు తక్కువగా పోతుంది.

ఇక్కడే చాలామంది వాడని వీలు ఒకటుంది. ఆండ్రాయిడ్ ఫోన్ల డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో చాలావాటికి కెమెరా కటౌట్ అనే ఆప్షన్ ఉంటుంది. ఒక్కో యాప్‌కు విడిగా, ఈ యాప్ చిల్లు ఉన్న పట్టీలోకి రావాలా వద్దా అని పెట్టుకోవచ్చు. వద్దంటే ఫోన్ ఆ వైపు సుమారు 100 పిక్సెళ్లను నల్లగా వదిలేసి, మిగిలిన 2300లో సినిమా చూపిస్తుంది. నష్టం ఎంత? వెడల్పులో 4 శాతం. అంటే తెర కింద కెమెరా ఉన్న ఫోన్ సినిమా చూసేటప్పుడు మీకు అదనంగా ఇచ్చేది ఈ 4 శాతమే. మిగిలిన వీడియోలకు అసలు తేడాయే లేదు.

ఒక జాగ్రత్త. 16:9 వీడియోను రెండు వేళ్లతో లాగి తెర నిండా చేసే అలవాటుంటే పై లెక్క చెల్లదు. అలా లాగితే వీడియో ఎత్తు 1350 అవుతుంది, తెర 1080 మాత్రమే. పైనా కిందా కలిపి ఐదో వంతు దృశ్యం తెగిపోతుంది. పైగా చిల్లు కూడా వచ్చి పడుతుంది. నల్ల పట్టీలు చూడలేక ఐదో వంతు వీడియోను పోగొట్టుకునేవాళ్లే చిల్లును ఎక్కువగా తిట్టుకోవడం నేను చూశాను.

నాచ్‌కూ ఇదే లెక్క వర్తిస్తుంది. ఐఫోన్ టెన్ నాచ్ లోతు సుమారు 5 మిల్లీమీటర్లు, మన పంచ్ హోల్ పట్టీ కన్నా ఎక్కువేం కాదు. కాబట్టి 16:9 వీడియోలో అదీ కనబడదు. కానీ దాచకుండా నిండా చూస్తే ఆ నాచ్ ఫోన్ వెడల్పులో సగానికి పైగా ఉంటుంది. అడ్డంగా తిప్పితే సినిమా ఎత్తులో సగాన్ని ఒక పక్కన కొరికేసినట్టే. నీటిబొట్టు నాచ్ అంతగా కొరకదు.

ఎల్‌సీడీ తెరల మాట వేరు. వాటి వెనక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి నల్ల పట్టీ ముదురు బూడిద రంగులో కనిపిస్తుంది, అందులో చిల్లు వేరుగా తెలుస్తుంది. దీపపు పొరకు కూడా చిల్లు పెట్టాలి గనుక చిల్లు చుట్టూ మసక నీడ ఉండే ఫోన్లు కూడా ఉన్నాయి. ఎల్‌సీడీ ఫోన్ కొంటున్నట్టయితే చిన్న నీటిబొట్టు నాచ్ ఉన్నదే నాకు నచ్చుతుంది.

మామూలు వాడకంలో, అంటే మెసేజ్‌లు, వార్తలు, బ్రౌజర్ దగ్గర, ఈ మూడింటి మధ్య తేడా మీరనుకున్నంత ఉండదు. కెమెరా ఉన్న వరుసలోనే గడియారం, బ్యాటరీ, సిగ్నల్ ఉంటాయి. కెమెరా తెర కిందికి పోయినా ఆ వరుస అలాగే ఉంటుంది, మీకు చదవడానికి ఇంకో వాక్యమేమీ దొరకదు. వెడల్పు నాచ్‌లో మాత్రం నోటిఫికేషన్ గుర్తులకు చోటు చాలదు. ఆటల్లో తేడా ఎక్కువ. ఆట తెరంతా వాడుకుంటుంది, చిల్లు బొటనవేలి దగ్గరే పడుతుంది, కొన్ని ఆటల్లో మ్యాపో, బటనో దాని కిందికి పోతుంది. ఆటల కోసమే చేసే రెడ్ మ్యాజిక్ ఫోన్లు 2022లో 7 ప్రోతో తెర కింద కెమెరాకు మారడంలో అర్థం ఉంది. ఆ ఫోన్ కొనేవాళ్లు సెల్ఫీల కోసం కొనరు.

తెర కిందికి వెళ్తే కెమెరాకు ఏమవుతుంది

తెర అద్దంలా పారదర్శకంగా ఉండదు. ఓలెడ్ తెరలో ప్రతి పిక్సెల్ వెనకా వెలుతురును దాటనివ్వని లోహపు పొర ఉంటుంది, దాన్ని నడిపే ట్రాన్సిస్టర్లు, తీగలు ఉంటాయి, పైన బయటి వెలుతురు తెర మీద మెరవకుండా ఆపే పోలరైజర్ పొర ఉంటుంది. ఆ పోలరైజర్ ఒక్కటే వచ్చిన వెలుతురులో సగానికి పైగా మింగేస్తుంది. పరిశోధకులు ఒక మామూలు ఫోన్ ఓలెడ్ ప్యానెల్ వెనక కెమెరా పెట్టి కొలిస్తే 3 శాతం లోపు వెలుతురే లోపలికి వచ్చింది. కాబట్టి తయారీదారులు కెమెరా ఉన్న చోట తెరను వేరుగా చెయ్యాల్సిందే. ఒక పద్ధతిలో అక్కడ పిక్సెళ్ల సంఖ్య తగ్గించి మధ్యలో ఖాళీలు వదులుతారు. ఇంకో పద్ధతిలో సంఖ్య తగ్గించరు కానీ ఒక్కో పిక్సెల్‌ను చిన్నది చేసి, తీగలను పారదర్శకమైన పదార్థంతో వేసి, నడిపే సర్క్యూట్లను పక్కకు జరుపుతారు. 2021లో వచ్చిన షావొమీ మిక్స్ 4, జడ్‌టీఈ ఆక్సాన్ 30 ఈ రెండో దారి పట్టాయి. వాటిలో కెమెరా ఉన్న చోటు కూడా మిగతా తెరలాగే కనిపించేది.

వెలుతురు తగ్గడం సమస్యలో సగమే. పిక్సెళ్లు క్రమంగా, వరుసలుగా ఉన్న జాలీ లాంటివి కదా. అంత సన్నటి జాలీ గుండా వచ్చేటప్పుడు వెలుతురు వంగి చెదురుతుంది. ముఖం వెనక కిటికీయో, బల్బో ఉంటే దాని వెలుతురు ఫొటో అంతా పొగమంచులా పరుచుకుంటుంది, బల్బు చుట్టూ కొమ్ములు మొలుస్తాయి. దీన్ని సాఫ్ట్‌వేర్ కొంతవరకు సరిచేస్తుంది. సరిచేసినప్పుడు చర్మం మైనపు బొమ్మలా నున్నగా కావడం, వెంట్రుకలు ఒకదానికొకటి అంటుకుపోవడం మామూలే. ఎందుకంటే ఆ వివరం కెమెరా దాకా అసలు రాలేదు, ఊహించి పూరించాల్సి వస్తోంది.

ఇదంతా ఒకే ఫోన్‌లో పక్కపక్కన చూడాలంటే శామ్‌సంగ్ గెలాక్సీ జడ్ ఫోల్డ్ 3 కన్నా మంచి ఉదాహరణ లేదు. 2021లో వచ్చిన ఈ మడత ఫోన్‌కు రెండు సెల్ఫీ కెమెరాలు. బయటి తెరలో పంచ్ హోల్‌లో 10 మెగాపిక్సెళ్లది. లోపలి పెద్ద తెర కింద 4 మెగాపిక్సెళ్లది. 4 అనగానే నాసిరకం పెట్టారని అనిపిస్తుంది, కానీ మిగతా అంకెలు చూడండి. బయటి కెమెరాలో ఒక్కో పిక్సెల్ 1.22 మైక్రాన్లు, లెన్స్ ఎఫ్/2.2. లోపలి దానిలో పిక్సెల్ 2 మైక్రాన్లు, లెన్స్ ఎఫ్/1.8. పిక్సెల్ వైశాల్యం సుమారు 2.7 రెట్లు పెద్దది, లెన్స్ ఒకటిన్నర రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి తీసుకుంటుంది. రెండూ కలిపితే ఒక్కో పిక్సెల్‌కు 4 రెట్ల వెలుతురు అందాలి. తెర అడ్డం లేకపోతే రాత్రి సెల్ఫీల్లో లోపలి కెమెరాయే గెలవాలి. కానీ రెండింటితో తీసిన ఫొటోలు పక్కన పెడితే బయటిదే స్పష్టంగా ఉంటుంది. 4 రెట్ల ముందంజ ఇచ్చి పరుగు పెట్టించినా ఓడిపోయిందంటే తెర ఎంత మింగుతోందో ఆలోచించండి.

పోనీ తెర వైపు నుంచైనా పూర్తి లాభం ఉందా అంటే, ఫోల్డ్ 3లో కెమెరా ఉన్న చోట పిక్సెళ్లు తక్కువ కాబట్టి తెల్లటి పేజీ మీద అక్కడ దోమతెర ముక్క అంటించినట్టు కనిపించేది. ఫోల్డ్ 4లో పిక్సెళ్ల అమరిక మార్చి దాన్ని బాగా తగ్గించారు. కెమెరా మాత్రం ఫోల్డ్ 6 దాకా 4 మెగాపిక్సెళ్లే. 2025లో ఫోల్డ్ 7 వచ్చేసరికి లోపలి తెరకు కూడా పంచ్ హోలే పెట్టారు, అందులో 10 మెగాపిక్సెళ్ల కెమెరాతో. నాలుగు తరాలు దాచిన కెమెరాను మళ్లీ బయటికి తెచ్చారన్నమాట.

మడత ఫోన్ల వాళ్ల కోసం ఇంకో మాట. విప్పిన తెర దాదాపు చతురస్రం కాబట్టి ఇక్కడ వీడియో లెక్క వేరు. ఫోల్డ్ 3 లోపలి తెర 2208 × 1768 పిక్సెళ్లు, కెమెరా కుడి సగంలో పైన ఉంటుంది. నిలువుగా పట్టుకుని 16:9 వీడియో పెడితే పైనా కిందా 600 పిక్సెళ్ల చొప్పున నలుపు మిగులుతుంది. కెమెరా అందులోనే ఉండిపోతుంది. ఫోన్‌ను అడ్డం తిప్పితే పట్టీలు 263 పిక్సెళ్లకు తగ్గుతాయి, కెమెరా దృశ్యం పక్క అంచులోకి వస్తుంది. పంచ్ హోల్ ఉన్న మడత ఫోన్‌లో చిల్లు ఇబ్బంది పెట్టేది ఈ రెండో పద్ధతిలోనే. ఎలాగూ మడత ఫోన్‌లో వెనక ఉన్న ప్రధాన కెమెరాతోనే, బయటి తెరలో చూసుకుంటూ సెల్ఫీ తీసుకోవచ్చు. అది ఏ సెల్ఫీ కెమెరా కన్నా బాగుంటుంది. లోపలి కెమెరా అవసరమయ్యేది వీడియో కాల్స్‌కే.

ఆ వీడియో కాల్సే అసలు పరీక్ష. ఫొటో తీశాక దాన్ని సరిచేయడానికి ఫోన్‌కు క్షణమో, రెండు క్షణాలో టైమ్ ఉంటుంది. కాల్‌లో సెకనుకు 30 ఫ్రేములు పోవాలి, ఒక్కో ఫ్రేముకు 33 మిల్లీసెకన్లే. అంత సరిచేయడం కుదరదు. అందుకే తెర కింద కెమెరా ఫొటోల్లో ఫరవాలేదనిపించి, కాల్‌లో మాత్రం అద్దం మీద ఊపిరి వదిలినట్టు మసగ్గా ఉంటుంది. రివ్యూలలో చూపే నమూనా ఫొటోలు చూసి మోసపోయేది ఇక్కడే.

చేతికి రాగానే చూడాల్సినవి

తెర కింద కెమెరా ఫోన్ ఏదైనా చేతికి వస్తే ముందు తెర వెలుతురు సగానికి తగ్గించి, పూర్తి తెల్లటి పేజీ, తర్వాత లేత బూడిద రంగు పేజీ తెరవండి. ఫోన్‌ను కొంచెం వంచి కెమెరా ఉన్న చోటు వెతకండి. నేరుగా చూసినప్పుడు కనబడని మచ్చ పక్క నుంచి చూస్తే బయటపడుతుంది. తర్వాత ఆ చోటు మీదుగా చిన్న అక్షరాలను నెమ్మదిగా జరపండి. పిక్సెళ్లు తక్కువైతే అక్షరాల అంచులు అక్కడ రంపంలా అవుతాయి.

కెమెరాకు రెండు పరీక్షలు చాలు. కిటికీకి వీపు పెట్టి ఒక సెల్ఫీ, రాత్రి గదిలో బల్బు ఫ్రేములో కనిపించేలా ఇంకొకటి. మొదటిదాంట్లో జుట్టు నలుపు నలుపుగా ఉందా, బూడిద రంగుకు తేలిపోయిందా చూడండి. రెండోదాంట్లో బల్బు చుట్టూ కొమ్ములు చూడండి. ఆ తర్వాత మీరు రోజూ వాడే యాప్‌లోనే ఎవరికైనా వీడియో కాల్ చేసి, అవతలివాళ్లను స్క్రీన్‌షాట్ పంపమనండి. మీ తెరలో మీకు కనిపించేది కాదు, వాళ్లకు వెళ్లేదే లెక్క.

స్క్రీన్ గార్డ్ సంగతి చిన్నదే కానీ చాలామంది ఇక్కడే పొరబడతారు. పంచ్ హోల్ మీద వేలి జిడ్డు ఇట్టే అంటుతుంది, గార్డ్ కింద గాలి బుడగ చిక్కినా ఫొటో మసకబారుతుంది. "కెమెరా పాడైంది" అని టెన్షన్ పడి వచ్చినవాళ్లలో కొందరికి నేను చేసింది మెత్తటి గుడ్డతో తుడవడమే. తెర కింద కెమెరాకైతే ఇంకాస్త జాగ్రత్త కావాలి. ఇప్పటికే వెలుతురు తక్కువ కాబట్టి, లోపల ఏముందో పక్కవాళ్లకు కనబడకుండా చేసే ప్రైవసీ గార్డులు వెయ్యకండి. అవి ఉన్న కొంచెం వెలుతురునూ తగ్గిస్తాయి.

ఎవరికి ఏది

వీడియో కాల్స్ ఎక్కువ చేసేవాళ్లు, సెల్ఫీలు తీసి పంచుకునేవాళ్లు పంచ్ హోల్ తీసుకోండి, రెండో ఆలోచన అక్కర్లేదు. మీరు చూసే వీడియోల్లో ఎక్కువ 16:9వే అయితే చిల్లు మీకు నల్ల పట్టీలోనే ఉంటుంది. వెడల్పు సినిమాలు ఎక్కువ చూసేవాళ్లయితే అదే పంచ్ హోల్‌లో మూలన చిల్లు ఉన్నది దొరుకుతుందేమో చూడండి. లేదంటే ఆ సినిమా యాప్‌కు కటౌట్ దాచేసి 4 శాతం వదులుకోండి.

రోజుకు గంటల కొద్దీ ఆటలు ఆడుతూ, సెల్ఫీ కెమెరాను నెలకోసారి కూడా తెరవనివాళ్లకు తెర కింద కెమెరా నిజంగా నప్పుతుంది. చదువుకునేటప్పుడు, పెద్ద చిత్రాలు చూసేటప్పుడు తెరలో చిన్న మచ్చ ఉన్నా భరించలేని స్వభావం కొందరిది, వాళ్లకూ అంతే. అయితే ముఖంతో ఫోన్ తెరిచే అలవాటుంటే కొనేముందు చీకట్లో ఒకసారి ప్రయత్నించండి, వేలిముద్రతో తెరిచే వీలు ఎలాగూ ఉండాలి.

ఇక నాచ్. కేవలం కెమెరా కోసం వెడల్పు నాచ్ ఉన్న ఫోన్ ఈ రోజుల్లో కొనక్కర్లేదు. అందులో ముఖాన్ని లోతుతో గుర్తుపట్టే సెన్సర్లు ఉంటేనే ఆ చోటు దండగ కానట్టు. చీకట్లో కూడా ముఖం చూసి తెరుచుకుంటుంది, ఫొటో చూపించి మోసం చేయడం కుదరదు. ఆ సెన్సర్ల ఉపయోగం మీకు రోజూ ఉంటే, సినిమా పక్కన ఒక కొరుకు పెద్ద లెక్కేం కాదు. వాడిన ఫోన్ కొంటున్నప్పుడు మాత్రం ఆ ముఖపు లాక్ పనిచేస్తోందో లేదో ముందే చూసుకోండి. తెర మార్పించిన ఫోన్లలో అది ఆగిపోయి ఉండవచ్చు, అప్పుడు మీ దగ్గర మిగిలేది నాచ్ మాత్రమే.